క్లయింట్ నుంచి డబ్బు సమయానికి రాబట్టుకోవడం ఎలా?

విజయవాడలో సొంతంగా పని చేసుకునే ఒక వెబ్‌సైట్ డిజైనర్‌కు హైదరాబాద్‌లోని ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ నుంచి 60,000 రూపాయల పని వచ్చిందనుకుందాం. పని రెండు నెలల్లో పూర్తయినా, బిల్లు చేతికి రావడానికి అంతకు రెట్టింపు కాలం పట్టడం ఈ రంగంలో మామూలే. క్లయింట్‌కు ఇచ్చే ఉద్దేశం లేకపోవడం దీనికి కారణమయ్యేది తక్కువ. ఎప్పుడు, దేనికి, ఎంత ఇవ్వాలో కాగితం మీద స్పష్టంగా లేకపోవడమే ఎక్కువసార్లు అసలు కారణం. అందుకే ఈ ఉదాహరణను పట్టుకుని, పని మొదలవక ముందు చేయవలసిన ఏర్పాట్ల నుంచి వరుసగా చూద్దాం.

1. పని మొదలుపెట్టే ముందే ఉద్యమ్ నమోదు చేసుకోండి

కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ వెబ్‌సైట్‌లో (udyamregistration.gov.in) సూక్ష్మ సంస్థగా నమోదు కావడానికి రుసుము ఏమీ లేదు. ఆధార్, పాన్ వివరాలు ఉంటే మధ్యవర్తి అవసరం కూడా ఉండదు. ఈ నమోదు ఉన్నవారికి 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) అభివృద్ధి చట్టం రక్షణ లభిస్తుంది. బాకీ పడిన తరువాత చేయించుకున్న నమోదు పాత బిల్లుకు వర్తిస్తుందా లేదా అన్నది వివాదమయ్యే విషయం కనుక, ఒప్పందానికి ముందే ఈ పని ముగించుకోవడం మంచిది.

2. మొత్తాన్ని దశలుగా విడగొట్టి, అడ్వాన్స్ అడగండి

60,000 రూపాయలను ఇలా విభజించవచ్చు: పని మొదలుపెట్టే ముందు 24,000, డిజైన్‌కు ఆమోదం వచ్చినప్పుడు 18,000, పూర్తయిన వెబ్‌సైట్‌ను పరీక్షకు చూపించినప్పుడు 12,000, ఫైళ్లు, పాస్‌వర్డ్‌లు అప్పగించే ముందు 6,000. చివరి దశను చిన్నదిగా ఉంచడానికి కారణం ఉంది. ఎక్కువ బాకీలు అక్కడే నిలిచిపోతాయి, అప్పటికే చేతికి వచ్చిన 54,000 పోను మిగిలిన మొత్తం మీ ఇంటి ఖర్చును తలకిందులు చేయకూడదు.

దశలు పెట్టుకోవడం కంటే, ఏ దశ ఎప్పుడు పూర్తయినట్టు అని నిర్ణయించుకోవడం కష్టమైన పని. ‘వెబ్‌సైట్ లైవ్ అయ్యాక చివరి చెల్లింపు’ అని రాసుకుంటే, క్లయింట్ తన ఉత్పత్తుల ఫోటోలు పంపనంత కాలం మీ డబ్బు ఆగిపోతుంది, ఆ ఆలస్యంలో మీ తప్పు ఏమీ లేకపోయినా సరే. అందువల్ల ప్రతి దశనూ మీ చేతిలో ఉన్న పనికి ముడిపెట్టి, ఒప్పందంలో ఇలాంటి వాక్యం చేర్చండి: ‘డిజైన్ పంపిన తేదీ నుంచి 7 రోజుల్లో రాతపూర్వకంగా మార్పులు తెలియజేయకపోతే ఆమోదించినట్టుగా భావించి, ఆ దశకు బిల్లు ఇవ్వబడుతుంది.’ ఇది మొరటుగా వినిపిస్తుందని కొందరు జంకుతారు, కానీ చట్టంలోనే ఇటువంటి ఏర్పాటు ఉంది. సేవ అందిన 15 రోజుల్లో కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దానిని అంగీకరించినట్టే లెక్క.

అడ్వాన్స్ ఖాతాలో పడేదాకా పని ప్రారంభించకపోవడమే నియమం. ‘మా పద్ధతి ప్రకారం అడ్వాన్స్ అందిన మరుసటి రోజు నుంచి పని మొదలవుతుంది’ అని ముందే చెప్పేస్తే వాదన ఉండదు. మొదటి అడ్వాన్స్‌కే నెల రోజులు తిప్పే కంపెనీ చివరి బిల్లుకు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు, అక్కడితో ఆగిపోయినా నష్టం చిన్నదే. జీఎస్టీ నమోదు ఉన్నవారికి ఈ అడ్వాన్స్ మరింత అవసరం. డబ్బు రాకపోయినా బిల్లు ఇచ్చిన కాలానికి పన్ను కట్టవలసిందే కదా!

3. తిరిగి పంపడానికి వీలులేని బిల్లు రాయండి

పెద్ద కంపెనీలో మీతో మాట్లాడే వ్యక్తి వేరు, డబ్బు పంపే అకౌంట్స్ విభాగం వేరు. బిల్లులో ఒక్క వివరం లోపించినా అది ఆ విభాగంలోనే ఉండిపోతుంది, మీకు కబురు కూడా రాదు. కనుక పని ఒప్పుకునేటప్పుడే పర్చేజ్ ఆర్డర్ నంబరు అవసరమా, బిల్లు ఏ ఈమెయిల్‌కు పంపాలి, చెల్లింపులు నెలలో ఏ తేదీల్లో జరుగుతాయి అని అడిగి రాసుకోండి.

బిల్లు మీద వరుస సంఖ్య, తేదీ, ఏ దశకు సంబంధించినదో ఒక వాక్యం, మొత్తం, పాన్, ఉద్యమ్ నంబరు, బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఉండాలి. గడువును ‘15 రోజుల్లో’ అని కాక, ‘చెల్లించవలసిన తేదీ: 20 జూన్’ అని రాయండి. రోజులు లెక్కపెట్టే పనిని అవతలివారికి వదిలితే, వారు బిల్లు తమ చేతికి అందిన నాటి నుంచి లెక్కపెడతారు. అలాగే, 18,000కు 16,200 మాత్రమే వచ్చిందని కంగారుపడకండి. కంపెనీ 10 శాతం టీడీఎస్, అంటే మీ తరఫున ముందే కట్టే ఆదాయపు పన్ను, కోసి ఉండవచ్చు. సేవను బట్టి ఈ శాతం మారుతుంది. కోసిన మొత్తం మీ పాన్ పేరిట జమ అయిందో లేదో ఫారం 26ఏఎస్‌లో చూసుకోవచ్చు.

4. గుర్తుచేయడం గడువుకు ముందే మొదలుపెట్టండి

గడువు దాటాక పంపే మొదటి సందేశం నింద మోపినట్టు ఉంటుంది. మూడు రోజుల ముందు పంపినది సమాచారంలా ఉంటుంది, పైగా బిల్లు ఎక్కడైనా ఆగి ఉంటే అప్పుడే బయటపడుతుంది:

‘నమస్కారం సార్. 12వ నంబరు బిల్లు, 18,000 రూపాయలు, 20 జూన్‌న చెల్లించవలసి ఉంది. అకౌంట్స్ వారికి మా వైపు నుంచి ఇంకేమైనా కాగితాలు కావాలంటే తెలియజేయగలరు.’

గడువు దాటిన వారానికి అదే ఈమెయిల్ వరుసలో, బిల్లును మళ్లీ జతచేసి, ఒకే ప్రశ్న అడగండి: ‘చెల్లింపు ఏ తేదీన జరుగుతుందో తెలుపగలరా?’ వారు ‘త్వరలోనే’ అంటే, మర్యాదగానే తేదీ కోసం మళ్లీ అడగండి. ఫోన్‌లో మాట్లాడినా, అనుకున్న తేదీని ఆ రోజే రాతలో పంపండి. రెండు వారాలు దాటినా రాకపోతే, ఒప్పందం ప్రకారం తరువాతి దశ పనిని నిలిపివేస్తున్నట్టు తెలియజేయండి. అప్పటికే నడుస్తున్న వెబ్‌సైట్‌ను మాత్రం కోపంతో ఆపేయకూడదు. అలా చేస్తే బాకీ వారిదైనా ఫిర్యాదు మీ మీదికి వస్తుంది.

5. చట్టాన్ని గుర్తుచేయవలసి వస్తే

రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువు, అదీ గరిష్ఠంగా 45 రోజులు, ఒప్పందం లేకపోతే 15 రోజులు. ఆ లోపు సూక్ష్మ, చిన్న సంస్థలకు డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ ఇవ్వవలసి ఉంటుంది.

వడ్డీ మాట కంటే ఎక్కువ పని చేసేది ఆదాయపు పన్ను నియమం. గడువు దాటి, మార్చి 31 నాటికి కూడా చెల్లించని బిల్లును కంపెనీ ఆ సంవత్సరం ఖర్చుగా చూపించుకోలేదు. చెల్లించిన సంవత్సరంలోనే దానికి మినహాయింపు. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఈ నియమం అమలులో ఉంది కనుక, ఫిబ్రవరి చివర్లో ఉద్యమ్ ధ్రువపత్రం జతచేసి అకౌంట్స్ విభాగానికి ఒక ఈమెయిల్ పంపితే చాలాసార్లు కదలిక వస్తుంది.

అప్పటికీ స్పందన లేకపోతే odr.msme.gov.in లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అది రాష్ట్ర స్థాయిలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు చేరుతుంది. కౌన్సిల్ ముందు రాజీకి ప్రయత్నించి, కుదరకపోతే మధ్యవర్తిత్వానికి తీసుకుంటుంది. చట్టం 90 రోజులు అన్నా, ఆచరణలో ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. ఒప్పందం, ఆమోదం తెలిపిన ఈమెయిల్, బిల్లు, గుర్తుచేసిన సందేశాలు అన్నీ అక్కడ జతచేయవలసి ఉంటుంది. మిగిలింది ఆ చివరి 6,000 మాత్రమే అయితే, ఇంత ప్రయాస పడేముందు, అప్పగించవలసిన ఫైళ్లు ఇంకా మీ దగ్గరే ఉన్నాయన్న సంగతిని క్లయింట్‌కు మరొకసారి గుర్తుచేసి చూడండి.