సైగల్లో మాట్లాడదాం – ఆరో పాఠం: ఎవరికి ఎవరంటే ప్రాణం?

నాకు ఆరేళ్లప్పుడు, టీవీ వైపు చూస్తూనే మా అమ్మకి "నువ్వంటే నాకు ప్రేమ" అని సైగ చేశాను. అమ్మ నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, "ఎవరితో చెబుతున్నావు? టీవీతోనా?" అని అడిగింది. అమ్మా నాన్నా ఇద్దరూ బధిరులే కాబట్టి ఇంట్లో మాటంతా సైగల్లోనే సాగేది. ఆ రోజు నా చేతులు సరిగానే ఆడాయి, అయినా వాక్యం తప్పింది. ఆ తప్పు ఎక్కడ జరిగిందన్నదే ఈ పాఠం.

కిందటి పాఠంలో మనుషుల్ని గాలిలో నిలబెట్టడం నేర్చుకున్నాం. ఎడమ పక్క వేలితో చూపి ఒకరిని, కుడి పక్క చూపి ఇంకొకరిని పెడితే ఇక ఆ చోటే ఆ మనిషి. "ఇవ్వడం" లాంటి క్రియ ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళుతుంది. ఎవరు ఎవరికిచ్చారో చేయి వెళ్లిన దారే చెప్పేస్తుంది.

"ప్రేమ" సైగకి ఆ వీలు లేదు. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా వేసి గుండెకి హత్తుకునే రూపాన్ని ఈ పాఠంలో వాడదాం. మీ ఊరి బధిరులు వేరే రూపం వాడుతుంటే మీరూ అదే వాడండి, కింద చెప్పే వ్యాకరణం మారదు. ఈ సైగ ఒంటికి అంటుకుని ఉంటుంది. ఛాతీ దగ్గర పుట్టి అక్కడే ముగుస్తుంది. దాన్ని ఎడమ నుంచి కుడికి పంపాలని చేతులు చాచారంటే అది ప్రేమ సైగ కాకుండా పోతుంది.

మరి ఎవరికి ఎవరంటే ప్రేమో ఎలా చెప్పాలి? తెలుగులో ఆ పని "కి", "ని" లాంటి ప్రత్యయాలు చేస్తాయి. సైగల్లో ఆ ప్రత్యయాలు చూపులోనూ భుజాల్లోనూ ఉంటాయి. ప్రేమ ఎవరిదో భుజాలు చెబుతాయి, ఎవరి మీదో చూపు చెబుతుంది. ఎంత ప్రేమో, ఏ రకం ప్రేమో ముఖం చెబుతుంది. టీవీ మీద పెట్టిన నా చూపు "నిన్ను" అన్న మాటని మింగేసింది. అమ్మ దిద్దింది దాన్నే.

తెలుగువాళ్లకి ఇక్కడ ఒక సుళువు ఉంది. భారతీయ సంజ్ఞా భాషలోనూ క్రియ సాధారణంగా చివరే వస్తుంది. ఇంగ్లీషు వరసలో "నేను – ప్రేమ – నువ్వు" అని చేసేవాళ్లని చాలామందిని చూశాను. మీరు తెలుగు వరసనే నమ్ముకోండి. "నేను – నువ్వు – ప్రేమ". చివరి సైగ పట్టి ఉంచినంతసేపూ చూపు ఎదుటి మనిషి మీదే ఉండాలి.

ఇప్పుడు ఒక వాక్యం తీసుకుని పూర్తిగా కడదాం.

"అమ్మమ్మకి తమ్ముడంటే ప్రాణం. తమ్ముడికీ ఇష్టమే, కానీ పైకి చూపించడు."

ముందు మనుషుల్ని పెట్టండి. మూడో పాఠంలో చెప్పుకున్నట్టు ముక్కు పక్కన వేలు ఆనిస్తే ఆడమనిషి, మీసం చూపితే మగమనిషి. అమ్మమ్మ సైగ చేసి, మీ ఎడమ వైపు మీ కళ్ల ఎత్తులో వేలితో చూపండి. తమ్ముడి సైగ చేసి, కుడి వైపు నడుము ఎత్తులో అరచెయ్యి కిందికి పెట్టి "ఇంతవాడు" అన్నట్టు చూపండి. ఈ ఎత్తుల తేడా అలంకారం కోసం కాదు, కాసేపట్లో దానితో పని పడుతుంది. ఇంతవరకూ మీ చూపు మీ మాట చూస్తున్న మనిషి మీదే ఉంటుంది, చోటు చూపించే క్షణంలో మాత్రం ఒకసారి అటు వెళ్లి వస్తుంది. అంటే ఇప్పటికి కథ చెబుతున్నది మీరే.

ఇప్పుడు అమ్మమ్మగా మారాలి. పాదాలు కదపకండి. నడుము పైభాగం కొంచెం ఎడమకి ఒరిగి, భుజాలు కుడి వైపు తిరగాలి. చూపు ఎదుటి మనిషిని వదిలి కుడి పక్కన, కిందికి, తమ్ముడి తల ఉండాల్సిన చోట వాలాలి. చూపు అలా తెగిన క్షణం నుంచి ఆ ముఖం మీది కాదు, అమ్మమ్మది. ప్రేమ సైగ ఇప్పుడు చేయండి. చేతులు మీ గుండె మీదే ఉన్నా, చూసేవాళ్లకి అది అమ్మమ్మ గుండె.

"ప్రాణం" అన్న మాటకి ఇక్కడ విడిగా సైగ వెతకొద్దు. కళ్లు సగం మూసుకుని, పెదవులు బిగిసి, భుజాలు కొద్దిగా పైకి లేచి, చేతులు గుండెకి మెల్లగా గట్టిగా అదుముకుంటే అదే "ప్రాణం". అదే సైగ మామూలు ముఖంతో, మామూలు వేగంతో చేస్తే "ఇష్టం" అనే వరకే. "చాలా" అనే సైగని ప్రేమ పక్కన పెట్టి, ముఖం మాత్రం ఖాళీగా ఉంచడం కొత్తవాళ్లందరూ చేసే పని. మా నాన్నకి అలాంటి వాక్యం చూపిస్తే, "వీడికి ఆవిడంటే ఇష్టం లేదేమో, ఎవరో చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాడు" అనేవారు. ఖాళీ ముఖమంటే అర్థం లేని ముఖం కాదు, దానికీ ఒక అర్థం ఉంది.

అమ్మమ్మ మాట అయ్యాక భుజాలు నడిమికి రావాలి, చూపు ఎదుటి మనిషి మీదికి రావాలి. రెప్పపాటు చాలు. ఇది వాక్యం చివర చుక్క. ఇది పెట్టకుండా నేరుగా తమ్ముడిలోకి దూకితే, ఎవరు ఎవరో చూసేవాళ్లకి తెలియదు.

ఇక తమ్ముడు. ఒంటిని కుడికి ఒరిగించి, భుజాలు ఎడమకి తిప్పండి. చూపు ఈసారి పైకి వెళ్లాలి. అమ్మమ్మ చోటు మీ కళ్ల ఎత్తులో పెట్టారు కదా, మరి పైకెందుకు? ఇప్పుడు మీరు చిన్నపిల్లవాడు. పిల్లవాడు పెద్దవాళ్లని తలెత్తే చూస్తాడు. అమ్మమ్మ కిందికి చూసింది, తమ్ముడు పైకి చూశాడు. ఆ రెండు చూపులూ ఒకదాన్నొకటి కలుసుకుంటేనే ఇద్దరూ ఒకే గదిలో ఉన్నట్టుంటుంది. తమ్ముడు నేరుగా ఎదురుగా చూస్తే, చూసేవాళ్లకి ఇద్దరూ సమాన ఎత్తున్న పెద్దవాళ్లైపోతారు. వాత్సల్యం కాస్తా వేరే ప్రేమలా కనబడుతుంది. ఈ తప్పుని తేలిగ్గా తీసుకోకండి.

"పైకి చూపించడు" అన్నది ఈ పాఠంలో అన్నిటికన్నా కష్టమైన ముక్క. ముందు చూపు ఒక్క క్షణం అమ్మమ్మ మీద నిలవాలి. ప్రేమ ఎవరి మీదో దానివల్ల తెలుస్తుంది. ఆ తర్వాతే చూపు పక్కకి, కిందికి జారాలి. ప్రేమ సైగ ఛాతీ దగ్గర చిన్నగా, త్వరగా, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టి చేయాలి. పెదవులు నవ్వుని ఆపుకుంటున్నట్టు ఉండాలి. వరస తారుమారై, ముందే చూపు పక్కకి పోతే "తమ్ముడికి ఇంకెవరో ఇష్టం" అన్న అర్థం వస్తుంది. సిగ్గుతో తప్పుకున్న చూపుకీ, వేరే మనిషి మీద వాలిన చూపుకీ తేడా అంతా అంతకుముందు చూపు ఎక్కడ ఉందన్న దాంట్లోనే ఉంది.

ముఖం గురించి ఇంకొంచెం చెప్పాలి. మీ మనసులో ప్రేమ కలిగితే ముఖంలోకి అది నెమ్మదిగా వచ్చి నెమ్మదిగా పోతుంది. వ్యాకరణం మోసే ముఖం అలా ఉండదు. సైగతో పాటు మొదలై, సైగతో పాటు ఆగుతుంది. కూచిపూడి నేర్చుకున్న పిల్లలు ఇక్కడే తడబడతారు. వాళ్ల ముఖాలు చక్కగా పలుకుతాయి, కానీ ఆ భావం వాక్యమంతా పరచుకుపోతుంది. అమ్మమ్మ ముఖం తమ్ముడి వాక్యంలోకి పారితే ఎవరి ప్రేమ ఎవరిదో కలగాపులగమౌతుంది.

అదే వాక్యాన్ని ప్రశ్న చేయాలంటే చేతుల్లో ఏమీ మారదు. "నేనంటే నీకు ప్రేమేనా?" అన్నప్పుడు కళ్లు పెద్దవౌతాయి, కనుబొమలు లేస్తాయి, తల ముందుకి వంగుతుంది, చివరి సైగ కాసేపు ఆగుతుంది. "ఎవరంటే?" అని అడిగేటప్పుడు ప్రశ్న సైగ చివర వస్తుంది, గడ్డం పైకి లేచి తల వెనక్కి పోతుంది. కాదనాలంటే తల అడ్డంగా తిప్పాలి.

ఆ తల తిప్పడం దగ్గరే మన అలవాటొకటి అడ్డొస్తుంది. ఆప్యాయంగా "సరే, అలాగే" అనేటప్పుడు మనం తలని చెవి భుజం వైపు వంగేలా అటూ ఇటూ ఊపుతాం. నా దగ్గర నేర్చుకున్న ఒకావిడ తన బధిర కోడలికి "నువ్వంటే నాకు ఇష్టం" అని చెబుతూ మురిపెంగా అలాగే తల ఊపారు. కోడలు ముఖం వాడిపోయింది, "ఇష్టం లేదు" అని చదువుకుంది. తర్వాత వీడియో తీసి చూపిస్తే గానీ ఆవిడకి తెలియలేదు. ప్రేమ సైగ చేసేటప్పుడు తల నిలకడగా ఉంచండి, లేదా కిందికీ పైకీ మాత్రమే ఆడించండి.

ఇంకొకటి. బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు చాచి చూపించే గుర్తు చాలామందికి తెలుసు. అది అమెరికన్ సంజ్ఞా భాషలో ఒంటిచేత్తో చేసే ఐ, ఎల్, వై అనే మూడు ఇంగ్లీషు అక్షరాల కలయిక. మన దగ్గర అక్షరాలు రెండు చేతులతో చేస్తారు. ఆ గుర్తుని వీడ్కోలు చెప్పేటప్పుడు చూపితే ఇక్కడి బధిరులూ సంతోషంగా అందుకుంటారు. కానీ దాన్ని వాక్యంలో పెట్టి "అమ్మమ్మకి తమ్ముడంటే" అని చెప్పడం కుదరదు.

సాధన ఇలా చేయండి. ఫోన్‌ని నడుము నుంచి తల పైదాకా కనిపించేంత దూరంలో పెట్టి, వెలుగు ఎదుటి నుంచి పడేలా కూర్చోండి. గీతలు లేని, ఒంటి రంగుకి భిన్నమైన రంగు బట్టలు వేసుకోండి. "అమ్మమ్మకి తమ్ముడంటే ప్రాణం", "అమ్మమ్మకి తమ్ముడంటే ప్రాణమా?", "అమ్మమ్మకి తమ్ముడంటే ఇష్టం లేదు" అని మూడు వాక్యాలూ వరసగా తీయండి. మూడోదాన్ని విడి సైగ కలపకుండా తల తిప్పడంతోనే చేయండి. తర్వాత తెర మీద మీ ముఖం కనబడకుండా కాగితం పెట్టి చూడండి. చేతులు మూడు వాక్యాల్లోనూ దాదాపు ఒకేలా ఉండాలి. ఇప్పుడు కాగితాన్ని చేతుల మీదికి జరిపి ముఖం, భుజాలు మాత్రం చూడండి. ఏది మాట, ఏది ప్రశ్న, ఏది కాదనడమో ముఖాన్ని బట్టే విడదీయగలగాలి. ఎవరి చూపు కిందికి వెళ్లిందో తెలియాలి. తెలియకపోతే చేతుల్ని దిద్దకండి, చూపుని దిద్దండి.

విడి సైగల కోసం ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం నిఘంటువు వీడియోలు చూడొచ్చు. 2021లో అది పదివేల పదాలకి చేరింది. నిఘంటువు మాట ఇస్తుంది గానీ, అమ్మమ్మని ఎడమ పక్కన పెట్టడం నేర్పదు. మీ వీడియోని ఒక బధిర మిత్రుడికో మిత్రురాలికో చూపించి, "ఎవరికి ఎవరంటే ప్రేమ?" అని మాత్రం అడగండి. వాళ్లు చెప్పిన జవాబు మీరు అనుకున్నదైతే పాఠం వచ్చినట్టే.

వచ్చే పాఠానికి ముగ్గురు మనుషులు కావాలి. అమ్మమ్మ, తమ్ముడు అక్కడే ఉంటారు. నడిమధ్య, మీ ఛాతీకి ఎదురుగా ఒక అడుగు దూరంలో నాన్నని పెట్టి చూసుకుని రండి. ఆయన ఇద్దరి మీదా అలిగి ఉన్నారు.