ఏ బిజినెస్ పెట్టాలో తేలక ఆగిపోయారా? నాకు టేబుల్‌తో తేలింది

ఎంవీపీ కాలనీలో టిఫిన్ బండి, ఎండు చేపల ప్యాకింగ్, చీరల అమ్మకం, ఈ మూడింట్లో ఏదో తేలలేదు. ఫ్రెండ్స్‌ని అడిగా, వీడియోలు చూశా, లాభం లేదు.

చివరికి బడ్జెట్, పని వచ్చా రాదా, ఖాళీ టైమ్, రిస్క్ అని నాలుగు కాలమ్స్ గీసి ఒక్కోదానికి 5కి మార్కులేశా. రిస్క్ మాత్రం తిరగేసి వెయ్యాలి, తక్కువ రిస్క్ ఉంటేనే 5, లేదంటే ప్రమాదమున్నదే పైకొచ్చేస్తుంది. బండికి 4, 5, 1, 4 మొత్తం 14, చేపలకి 4, 3, 3, 3 అంటే 13, చీరలకి 11.

అసలు పనిచేసింది ఆ తర్వాతి రూలే: ఎక్కడైనా 1 పడితే టోటల్ ఎంతున్నా తీసెయ్యడం. నాది పొద్దున షిఫ్ట్, టిఫిన్ అమ్ముడయ్యేదీ అప్పుడే, మిగతా మార్కులు ఆ టైమ్‌ని తెచ్చివ్వవు కదా. అలా చేపలు మిగిలాయి. సొంత డబ్బుతో చిన్నగా మొదలెట్టేవాళ్ళకి ఇది సరిపోవచ్చు, అప్పు తెచ్చేవాళ్ళకి చాలదనుకుంటా.