తెలుగు వెబినార్ ట్రాన్స్‌క్రిప్ట్‌ను చదవదగ్గ ఇంగ్లీషులోకి మార్చడం ఎలా?

టెక్నికల్ వెబినార్ ట్రాన్స్‌క్రిప్ట్ చేతికి రాగానే చాలామంది మొదటి లైను నుంచి అనువాదం మొదలుపెట్టేస్తారు. అలా చేస్తే ఎక్కువగా దెబ్బతినేది అర్థమే. మన భాషలో అవును, కాదు, చేయాలి, చేయకూడదు అన్నవన్నీ వాక్యం చివర్లో తేలతాయి. క్యాప్షన్ ఫైలేమో రెండు మూడు సెకన్లకొక ముక్కగా విరిగి ఉంటుంది. ‘టేబుల్ లాక్’ అని ఒక ముక్క అయిపోతుంది, ‘చేయక్కర్లేదు అన్నమాట’ అని తర్వాతి ముక్క వస్తుంది. లైను చూసి లైను అనువదించేవారు మొదటి ముక్కకు ‘లాక్ ద టేబుల్’ అని రాసేసి ముందుకెళ్ళిపోతారు.

ఇక్కడ ఉదాహరణగా డేటాబేస్ బ్యాకప్ మీద జరిగిన వెబినార్ నుంచి ఒక ముక్క ఉందనుకుందాం. క్యాప్షన్లలో ఇలా వచ్చింది:

‘సో ఇప్పుడు బ్యాకప్ తీసేముందు ఏంటంటే / మనం టేబుల్ లాక్ / చేయక్కర్లేదు అన్నమాట ఎందుకంటే / ఇది సింగిల్ ట్రాన్సాక్షన్‌లో తీస్తుంది కదా / కానీ అది ఇన్నో డీబీ అయితేనే / మా ఈసం అయితే మాత్రం / తీస్తుంది కానీ మ్యాచ్ అవ్వదు’

1. ముందు తెలుగులోనే వాక్యాలు కట్టండి

ఇంగ్లీషు జోలికి ఇంకా వెళ్ళొద్దు. ఆడియో వింటూ ముక్కలన్నీ కలిపి, ఎక్కడ మాట ముగిసిందో అక్కడ చుక్క పెట్టండి. ప్రతి పేరా మొదట్లో టైమ్ ఉంచండి, తర్వాత అనుమానం వస్తే నేరుగా అక్కడికి వెళ్ళి వినొచ్చు. ‘సో’, ‘ఏంటంటే’, ‘అన్నమాట’ లాంటి ఊతపదాలు ఈ దశలోనే తీసేయండి. ‘కదా’ను మాత్రం ఆలోచించకుండా కొట్టేయకండి. పై ముక్కలో అది ఉత్త ఊతపదమే. కొన్నిసార్లు వక్త ‘ఇందాక చెప్పుకున్నాం కదా’ అన్న అర్థంలో పాత విషయాన్ని గుర్తుచేస్తుంటారు, అప్పుడు ఇంగ్లీషులో ఆ లింకు ఉండాలి.

ఆడియో ఎందుకు వినాలంటే, ‘చేయకూడదు’, ‘చేయక్కర్లేదు’ రెండూ వేగంగా పలికితే ఆటోమేటిక్ క్యాప్షన్లలో తారుమారయ్యే ప్రమాదం ఉంది. మొదటిది నిషేధం, రెండోది అవసరం లేదని చెప్పడం. చదివేవారు చేసే పని ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

2. పదాల పట్టిక

ట్రాన్స్‌క్రిప్ట్ మొత్తం ఒకసారి చదివి టెక్నికల్ మాటలన్నీ విడిగా రాసుకోండి. ఎలా వినబడింది, అసలు ఎలా రాస్తారు, మొదట ఏ నిమిషంలో వచ్చింది, ఈ మూడు గడులు చాలు. అసలు రూపం కోసం వక్త స్లైడ్లు, స్క్రీన్ మీద టైప్ చేసింది, ఆ టూల్ అధికారిక డాక్యుమెంటేషన్ చూడండి. మన ముక్కలో ‘మా ఈసం’ నిజానికి MyISAM. ఇదీ, InnoDB కూడా MySQL డేటాబేస్ తన టేబుళ్ళను దాచుకునే రెండు పద్ధతుల పేర్లు. ‘ఇన్నో డీబీ’ని InnoDB అని, పెద్ద చిన్న అక్షరాలతో సహా అలాగే రాయాలి. వక్త నోటితో ‘సింగిల్ ట్రాన్సాక్షన్’ అన్నారు, స్క్రీన్ మీద ఉన్నది మాత్రం MySQL బ్యాకప్ తీసే mysqldump టూల్ కమాండ్:

```
mysqldump --single-transaction shop > shop.sql
```

వక్త చెప్పింది ఆప్షన్ పేరైతే `--single-transaction` అని రెండు గీతలతో రాయాలి. అదెలా పనిచేస్తుందో చెబుతుంటే మామూలు మాటగా ఉంచాలి. మన ముక్కలో ‘ట్రాన్సాక్షన్‌లో తీస్తుంది’ అన్నారు కాబట్టి రెండోదే.

పట్టికలో ఇంకోరకం మాటలూ చేరాలి: ఇంగ్లీషులా కనిపించినా మనం వేరే అర్థంలో వాడేవి. ‘ఎవరికైనా డౌట్స్ ఉన్నాయా’ అంటే ‘ఎనీ క్వశ్చన్స్’. ‘నా సిస్టమ్‌లో రన్ అవ్వట్లేదు’ అన్నచోట సిస్టమ్ అంటే తరచుగా కంప్యూటరే. ‘మ్యాచ్ అవ్వదు’ కూడా ఇలాంటిదే. రెండు టేబుళ్ళను పోల్చడం గురించి కాదు ఆయన చెప్పేది. బ్యాకప్ నడుస్తుండగా డేటా మారితే, ఒక టేబుల్ పాత స్థితిలో, ఇంకోటి కొత్త స్థితిలో పడతాయి. దానికి ఆ రంగంలో వాడే మాట ‘ఇన్‌కన్సిస్టెంట్’.

ఒక మాటకు పట్టికలో ఒకే రూపం ఉండాలి. మొదటి పేజీలో ‘డంప్’ అని, పదో పేజీలో ‘ఎక్స్‌పోర్ట్’ అని మారిస్తే చదివేవారు అవి రెండు వేర్వేరు పనులనుకుంటారు. వైవిధ్యం కోసం పదాలు మార్చే అలవాటు కథలకు బాగుంటుంది, ఇక్కడ వద్దు.

3. చేసేది ఎవరు?

ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. ‘తీస్తుంది’ అంటే ఏది తీస్తుంది? తెలుగులో చెప్పక్కర్లేదు, ఇంగ్లీషులో చెప్పకపోతే వాక్యం నిలబడదు. ప్రతి క్రియ దగ్గరా ఆగి కర్తను మార్జిన్‌లో రాయండి. మన ముక్కలో తీసేది mysqldump. ‘అది ఇన్నో డీబీ అయితేనే’లో ‘అది’ మాత్రం బ్యాకప్ కాదు, టేబుల్. అన్నిటికీ ‘ఇట్’ పెట్టుకుంటూ పోతే వాక్యం సాఫీగానే ఉంటుంది, అర్థం మాత్రం చెదిరిపోతుంది.

‘మనం’, ‘మేము’ రెండూ ఇంగ్లీషులో ‘వుయ్’ అయిపోతాయి. వక్త ‘మనం టేబుల్ లాక్ చేయక్కర్లేదు’ అన్నప్పుడు వినేవారికి సూచన ఇస్తున్నారు, అక్కడ ‘యూ’ రాయడం మేలు. ‘మేము రోజూ రాత్రి తీస్తాం’ అంటే వాళ్ళ టీమ్ అలవాటు, అక్కడ ‘వుయ్’ ఉండాలి. ఇవి కలిసిపోతే ఒక టీమ్ పద్ధతి కాస్తా అందరికీ నియమంలా కనబడుతుంది.

‘తీస్తాం’ అన్న రూపం అలవాటుకూ, జరగబోయేదానికీ రెండిటికీ సరిపోతుంది. టూల్ స్వభావం చెబుతుంటే వర్తమానం, ఈ సెషన్‌లో ఇప్పుడు చేయబోయే డెమో అయితే భవిష్యత్తు వాడండి.

4. ఇప్పుడు ఇంగ్లీషు

షరతును, మినహాయింపును విడి వాక్యాలు చేయండి. మన ముక్క ఇలా తేలుతుంది: ‘యూ డోంట్ నీడ్ టు లాక్ ద టేబుల్స్ బిఫోర్ ద బ్యాకప్, బికాజ్ mysqldump టేక్స్ ఇట్ ఇన్ ఎ సింగిల్ ట్రాన్సాక్షన్. దిస్ వర్క్స్ ఓన్లీ ఫర్ InnoDB టేబుల్స్. విత్ MyISAM, ద బ్యాకప్ విల్ రన్, బట్ ద డేటా విల్ బి ఇన్‌కన్సిస్టెంట్.’ ‘అయితేనే’లోని ‘నే’ అనే ఒక్క అక్షరమే ‘ఓన్లీ’ అయింది. అది జారిపోతే MyISAM వాడేవారు కూడా ఈ పద్ధతిని నమ్ముకుంటారు.

చివరి వాక్యంలో ఒక చిక్కుంది. MyISAM టేబుళ్ళు బ్యాకప్ సమయంలో మారితేనే తేడా వస్తుంది, మారకపోతే రాదు. అంటే ‘విల్ బి’ కంటే ‘మే బి’ సరైనది. కానీ వక్త ‘మ్యాచ్ అవ్వదు’ అని ఖాయంగా అన్నారు. మీకు విషయం తెలిసినా గుట్టుగా దిద్దకండి. ఆ టైమ్ రాసి వక్తను అడగండి. ఆయన ఒప్పుకుంటే మార్చండి. జవాబు రాకపోతే ఆయన మాట అలాగే ఉంచి, కింద అనువాదకుడి గమనికగా ఒక వాక్యం చేర్చండి.

5. సరిచూడడం

ఇంగ్లీషు ప్రతిని ముందు పెట్టుకుని ఆడియోను చివరిదాకా వినండి. అన్నీ ఒకేసారి వెతక్కండి. వ్యతిరేకార్థాలు, అంకెలు, ‘అయితేనే’ లాంటి షరతులు, ఈ మూడింటి మీదే చెవి పెట్టండి. ‘2 లక్షల రికార్డులు’ అన్నది 200,000 అయిందా, ఒక సున్నా తగ్గి 20,000 అయిందా చూడండి.

ఆ తర్వాత ఆ రంగం తెలిసి, తెలుగు రానివారికి ఇచ్చి చదివించండి. ‘బాగుందా’ అని అడిగితే బాగుందనే అంటారు. ‘ఇది చదివాక మీరు ఏ కమాండ్ టైప్ చేస్తారు, ఏ టేబుళ్ళకు చేయరు?’ అని అడగండి. ఆయన చెప్పింది వక్త చెప్పినదానికి భిన్నంగా ఉంటే, ఆ పేరాలో కర్తో షరతో జారిపోయి ఉంటుంది. ఆ టైమ్‌కు వెళ్ళి మళ్ళీ వినండి.