గోడకి ఇసుక లెక్క ఎలా వేయాలి? రెండు ట్రిప్పులకి బదులు ఆరు దింపించిన కథతో సహా

డిప్లొమా సివిల్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు హసన్‌పర్తి దిక్కు మా బాబాయి కొన్న 300 గజాల ప్లాటుకి కాంపౌండ్ వాల్ కడదాం అనుకున్నారు, ఇంట్లో సివిల్ చదివే పిల్లోడున్నాడు కదా అని ఎస్టిమేట్ నాకు అప్పజెప్పారు. నేను తెల్ల కాగితం మీద నీటుగా టేబుల్ గీసి ఇసుక 6 ట్రాక్టర్లు అని రాసిచ్చా. బాబాయి ఆకేరు వాగు ఇసుక ఆరు ట్రిప్పులు ఒక్కరోజే తోలించేశారు. సాయంత్రానికి ప్లాటు ముందు రోడ్డు సగం ఇసుకే, పక్కింటాయన బండి లోపలికి పోవట్లేదు.

తెల్లారి మేస్త్రి వచ్చి కుప్ప చుట్టూ ఒక రౌండు తిరిగి నన్ను చూసి "ఏంది తమ్మీ, గోడ కడ్తున్నమా, ఇసుక యాపారం పెడ్తున్నమా" అన్నాడు.

కావాల్సింది రెండు ట్రిప్పులు. నేను తప్పు చేసింది ఒక్క అంకెలోనే, అది కూడా విడిగా చూస్తే కరెక్టు అంకెనే. అందుకే ఆ లెక్కనే ముందు పెట్టుకుని, ఇప్పుడు నేను ఎలా చేస్తానో చెప్తా.

1. టేపు పట్టుకునే ముందే యూనిట్ తేల్చుకోండి

మన దగ్గర దొరికే టేపుకి ఒక అంచున సెంటీమీటర్లు, ఇంకో అంచున ఇంచులు ఉంటాయి, అసలు గొడవ అక్కడే మొదలు. క్లాసులో అంతా మీటర్లే, సైట్లో మేస్త్రి నోట అడుగులు ఇంచులే, ప్లాటేమో గజాల్లో. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా గోడ మాత్రం ఇప్పటికీ తొమ్మిదించుల గోడే.

నేనేం చేశానంటే, ప్లాటు 45 బై 60 అడుగులు, గేటు 13 అడుగులు తీసేస్తే గోడ పొడవు 197 అడుగులు, అంటే 60 మీటర్లు. ఎత్తు ఐదడుగులు, 1.5 మీటర్లు అని రాసుకున్నా. ఇక్కడిదాకా బాగానే ఉంది. మందం ఎంత అని మేస్త్రిని అడిగితే తొమ్మిదించులు అన్నాడు, 9ని 12తో భాగిస్తే 0.75, అదే పక్కన పెట్టేశా. ఆ 0.75 అడుగులు, దాని పక్కన ఉన్న 60, 1.5 మీటర్లు.

```
60 × 1.5 × 0.75 = 67.5   (నేను రాసింది)
60 × 1.5 × 0.23 = 20.7   (రాయాల్సింది)
```

తొమ్మిదించుల గోడ మీటర్లలో 0.23, అడుగుల్లో 0.75. రెండూ కరెక్టే, కానీ ఒకే లైన్లో రెండు రకాలు కలవకూడదు. ఇప్పుడు నేను పేజీ పైన "అన్నీ మీటర్లు" అనో "అన్నీ అడుగులు" అనో పెద్దగా రాసి గీత కొట్టాకే మొదలుపెడతా, అయినా సరే ప్రతి అంకె పక్కన మీ అనో అ అనో చిన్నగా పెట్టుకుంటా. చూసేవాళ్ళకి చాదస్తంలా ఉంటుంది, ఉండనీ.

ఇంకోటి, అడుగుల్లో చేసేవాళ్ళు 5 అడుగుల 6 ఇంచుల్ని 5.6 అని రాస్తుంటారు. అది 5.5. ఇంచుల్ని 12తో భాగించాకే చుక్క తర్వాత రాయాలి.

2. గోడ నుంచి మాలు, మాలు నుంచి ఇసుక

20.7 అన్నది మొత్తం గోడ, క్యూబిక్ మీటర్లలో. అందులో ఎక్కువ భాగం ఇటుకే. ఇటుకల మధ్య పట్టే మాలుకి కావాల్సిన పొడి సరుకు, అంటే సిమెంటూ ఇసుకా కలిపి, ఒక క్యూబిక్ మీటర్ గోడకి సుమారు 0.3 క్యూబిక్ మీటర్ అని లెక్క. నీళ్ళు పోస్తే సరుకు కుదించుకుపోతుంది కదా, ఆ తగ్గుదల కూడా ఈ 0.3లోనే ఉంది కాబట్టి దానికి మళ్ళీ ఏమీ కలపొద్దు. మన దగ్గరి బట్టీ ఇటుకలు అన్నీ ఒక్క సైజులో ఉండవు, వంకర ఇటుక వస్తే సందులు పెద్దవై మాలు ఇంకొంచెం ఎక్కువ తాగుతుంది.

20.7లో 0.3 వంతు అంటే 6.21. ఒకటికి ఆరు మాలు అయితే మొత్తం ఏడు పాళ్ళలో ఆరు పాళ్ళు ఇసుక, అంటే 5.32 క్యూబిక్ మీటర్లు. మిగిలిన ఒక పాలు సిమెంటు, సుమారు 26 బస్తాలు.

3. ట్రాక్టర్ భాషలోకి మార్చండి

ట్రాక్టర్ ఆయనకి క్యూబిక్ మీటర్ అంటే అర్థం కాదు, ఆయన లెక్క సీఎఫ్‌టీలో, అంటే క్యూబిక్ అడుగుల్లో. ఒక క్యూబిక్ మీటర్ అంటే 35.3 సీఎఫ్‌టీ. 5.32ని 35.3తో గుణిస్తే 188. ట్రిప్పు 100 సీఎఫ్‌టీ అనుకుంటే రెండు ట్రిప్పులు, కింద పారేదానికి 12 సీఎఫ్‌టీ మిగులు. నా తప్పు లెక్కలో ఇదే దారిలో పోతే 613 వచ్చింది, ఆరు ట్రిప్పులు.

గమనించండి, ఈ స్టెప్పులో నేను ఏ తప్పూ చేయలేదు. 35.3తో శ్రద్ధగా గుణించా, రెండుసార్లు చెక్ చేసుకున్నా కూడా. క్యాలిక్యులేటర్ ఎన్నిసార్లు నొక్కినా అదే 613 వస్తుంది, ఎందుకంటే తప్పు గుణకారంలో లేదు, గుణకారానికి ముందే ఉంది.

4. ఇటుకలతో సరిచూడండి, అది కూడా రెండో యూనిట్‌లో

మేస్త్రి నా కాగితం చూడనే లేదు. "ఇటుక ఎంత తెప్పిచ్చిన్రు?" అని బాబాయిని అడిగాడు. పదివేలు అన్నారాయన, అది మేస్త్రి ముందే చెప్పిన లెక్క, తొమ్మిదించుల గోడకి చదరపు అడుక్కి పది పదకొండు ఇటుకలు. "ఐదు వేల ఇటుకకు ఒక ట్రిప్పు ఇసుక పడ్తది, పదివేలకు రెండు. మరి ఈ నాలుగు ట్రిప్పులు ఎవలి గోడకు బిడ్డా?"

నాకు చెవులు వేడెక్కిపోయాయి. పేపర్ తీసుకుని అక్కడే కూర్చుని మొత్తం అడుగుల్లో చేశా. 197 ఇంటూ 5 ఇంటూ 0.75, 739 సీఎఫ్‌టీ గోడ. అందులో 0.3 వంతు, దాంట్లో ఏడుకి ఆరు పాళ్ళు, 190 సీఎఫ్‌టీ ఇసుక. మీటర్లలో సరిగ్గా చేస్తే వచ్చే 188కి పక్కనే ఉంది, ఆ రెండు సీఎఫ్‌టీ తేడా ఐదడుగుల్ని 1.5 మీటర్లు అని కుదించడం వల్ల వచ్చింది.

చెక్ అంటే అదే లెక్కని మళ్ళీ చేయడం కాదు, వేరే దారిలో రావడం. మీటర్లలో చేసినోళ్ళు అడుగుల్లో ఒకసారి, దాని మీద ఇటుకల లెక్కతో ఇంకోసారి. పది నిమిషాల పని.

5. రెండూ కలవకపోతే ఎన్ని రెట్లు తేడా ఉందో చూడండి

ఇది నాకు ఏ టెక్స్ట్‌బుక్కూ చెప్పలేదు, ఆరోజు 613ని 188తో ఊరికే భాగిస్తే దొరికింది. 3.26 వచ్చింది. ఒక మీటరుకి 3.28 అడుగులు కదా, దాదాపు అదే. అంటే మూడు కొలతల్లో ఒక్కటి మాత్రమే వేరే యూనిట్‌లో ఉందన్నమాట, వెతకాల్సింది ఆ ఒక్కదాన్నే.

తేడా 10.76 రెట్ల దగ్గర ఉంటే రెండు కొలతలు మారాయి, చదరపు అడుగుల్ని చదరపు మీటర్లుగా తీసుకున్నట్టు, ప్లాస్టరింగ్ ఏరియాలో ఎక్కువగా జరిగేది ఇదే. 35 రెట్లు ఉంటే మూడూ మారాయి, అంటే చివరి అంకెకి యూనిట్ పేరే తప్పు పెట్టారు.

ఇందులో పెద్ద తప్పులు అంత ప్రమాదం కాదు. కాంపౌండ్ వాల్‌కి 65 ట్రాక్టర్లు అని వస్తే చిన్నపిల్లోడైనా ఆగుతాడు. మూడు రెట్ల తప్పే దొరకదు, ఎందుకంటే ఆరు ట్రిప్పులంటే కొత్తవాడి కంటికి గోడకి సరిపోయే అంకెలాగే కనిపిస్తుంది, బాబాయికీ అలాగే కనిపించింది.

మీకొచ్చిన తేడా ఈ మూడింటిలో దేనికీ దగ్గర్లో లేకపోతే యూనిట్లని వదిలేయండి, గేటు తీసేయడం మర్చిపోయారేమో, ఒక పక్క గోడని రెండుసార్లు కలిపారేమో చూడండి.

6. దింపుకునేటప్పుడు ట్రాలీ కొలవండి

ట్రిప్పు 100 సీఎఫ్‌టీ అన్నది మాట వరసకే, ట్రాలీలన్నీ ఒక్కలా ఉండవు. ఇసుక దింపకముందే లోపలి పొడవు, వెడల్పు, ఇసుక ఉన్నంత ఎత్తు కొలవండి. పొడవు 10 అడుగులు, వెడల్పు 6, ఎత్తు అడుగు ఎనిమిదించులు ఉంటే సరిగ్గా 100. ఆ ఎత్తుని 1.8 అని రాశారంటే 108 వస్తుంది, లేని ఎనిమిది సీఎఫ్‌టీకి డబ్బులు ఇచ్చినట్టే.

తడి ఇసుక ఉబ్బుతుందని కూడా గుర్తుంచుకోండి. నీళ్ళు కారేంత తడి కాదు, చేత్తో పిడికిలి పడితే ముద్దయ్యేంత చెమ్మ ఉన్నప్పుడే ఎక్కువ ఉబ్బుతుంది. నిలువుగా ఉండే గాజు సీసాలో ఆ ఇసుకని నొక్కకుండా ఆరు ఇంచుల ఎత్తు పోసి, నీళ్ళు పోసి బాగా కలిపి, కాసేపు పక్కన పెట్టండి. అడుక్కి దిగి ఐదించులే ఉంటే మీ 100 సీఎఫ్‌టీలో అసలు ఇసుక 83 మాత్రమే. అలాంటి రెండు ట్రిప్పులు కలిపినా 166, మన 188కి చాలదు. అట్లాంటప్పుడు ముందే మూడోది చెప్పకుండా, గోడ ముప్పావు లేచాక కుప్ప ఎంత మిగిలిందో చూసి చెప్పండి.

మా నాలుగు ట్రిప్పుల్లో ఒకటి జల్లెడ పట్టి అదే గోడకి రెండు వైపులా ప్లాస్టరింగ్‌కి వాడేశాం, అది దొడ్డు ఇసుక కాబట్టి జల్లించడానికే ఇద్దరు కూలీలకి రెండు రోజులు పట్టింది. ఒకటిన్నర పక్కవీధిలో ఇల్లు కట్టుకుంటున్న ఆయన తక్కువ రేటుకి తీసుకుపోయాడు. మిగిలింది ఆ జూలై వానలకి మోరీలోకి పోయింది, మోరీ తీయించింది కూడా బాబాయే.