ఓడ ఇంజిన్ రూమ్‌లో సీఓటూ వదిలినా మంట ఆరకపోతే

ఫ్యూయల్ పైపు పగిలి వేడి ఎగ్జాస్ట్ మీద ఆయిల్ చిమ్మితే వచ్చేది ద్రవ ఇంధనాల మంట, బి క్లాస్. కాసేపటికి ఆయిల్‌లో తడిసిన, పైపులకు చుట్టే లాగింగ్, గుడ్డలు కూడా రాజుకుంటాయి. అది ఘన పదార్థాల మంట, ఎ క్లాస్. సీఓటూ గాలిని తగ్గిస్తుంది గానీ వేడిని పెద్దగా తీయదు. ఆరిన మంట మళ్లీ అంటుకోవడం అక్కడి నుంచే పుడుతుంది.

లక్షణం: రిలీజ్ చేశారు, గ్యాస్ వెళ్లలేదు

మ్యానిఫోల్డ్ గేజ్ కదలదు, పైపు మీద మంచు పట్టదు. సర్వీసింగ్ తర్వాత సేఫ్టీ పిన్నులు తీయకపోవడమో, సిలిండర్లను తెరిచే పైలట్ హోస్ ఊడటమో, మెయిన్ వాల్వ్ తెరుచుకోకపోవడమో కారణం. సీఓటూ రూమ్‌కి వెళ్లి ముందు మెయిన్ వాల్వ్‌ని చేత్తో తెరవాలి, ఆ తర్వాతే సిలిండర్ లివర్లు లాగాలి. అయితే అందరినీ ఒకచోట చేర్చి, లోపల ఎవరూ లేరని మస్టర్ లెక్క తేలాకే ఏదైనా.

లక్షణం: గ్యాస్ వెళ్లింది, పొగ తగ్గలేదు

ఎక్కడో తెరిచి ఉంది. 3000 ఘనపు మీటర్ల ఇంజిన్ రూమ్‌కి 40 శాతం లెక్కన 1200 ఘనపు మీటర్ల గ్యాస్ కావాలి. కిలోకి 0.56 ఘనపు మీటరు చొప్పున 2143 కిలోలు, అంటే 45 కిలోల సిలిండర్లు 48. అందులో 85 శాతం 2 నిమిషాల్లో లోపలికి చేరాలి. ఫ్యాన్ ఒక్కటి తిరుగుతున్నా, ఫన్నెల్ ఫ్లాప్ తుప్పుపట్టి సగంలో ఆగినా ఆ గ్యాసంతా పైకి పోతుంది. సాధారణంగా రెండో విడతకు గ్యాస్ ఉండదు. అందుకే రిలీజ్‌కి ముందే ఫ్యాన్లు ఆపి, గాలి దారుల డ్యాంపర్లు మూసి, ఇంధనాన్ని ఆపే క్విక్ క్లోజింగ్ వాల్వ్‌లు కొట్టాలి. ఇప్పుడు చేయగలిగింది మిగిలిన సందులు మూసి, ఎమర్జెన్సీ ఫైర్ పంప్‌తో చుట్టూ గోడలు చల్లార్చడమే.

సిలిండర్ గేజ్ చూసి గ్యాస్ నిండుగా ఉందనుకోవద్దు. లోపల ద్రవం ఉన్నంతసేపూ ప్రెషర్ దాదాపు మారదు. తూకమో, లెవెల్ కొలతో తీయాల్సిందే. 10 శాతానికి మించి తగ్గితే మళ్లీ నింపించాలి.

లక్షణం: ఆరింది, తలుపు తీయగానే మళ్లీ అంటుకుంది

తొందరపడ్డారు. లోహం ఇంకా వేడిగా ఉండగానే గాలి దొరికింది. వెంటనే మూసేసి, బల్క్‌హెడ్ గోడల ఉష్ణోగ్రతలు గంటగంటకీ రాసుకుంటూ ఆగాలి. అవి వరసగా పడిపోయి నిలకడ పడ్డాకే, శ్వాస పరికరాలైన బీఏ సెట్లతో ఇద్దరు నీళ్లున్న హోస్ పట్టుకుని వెళ్లాలి. సీఓటూ నిండిన ఆ గాలి పీల్చితే నిమిషాల్లో ప్రాణం పోతుంది, మాస్క్ తీయకూడదు.

డ్రిల్‌లో ఏం చూడాలి

ప్రతి సిబ్బందీ నెలకొకసారి డ్రిల్‌లో ఉండాలి. చాలాచోట్ల హోస్ పరిచి, నీళ్లు కొట్టి, ఫొటో తీసి ముగిస్తారు. అది చాలదు. రిలీజ్ బాక్స్ తలుపు తీస్తే అలారం మోగి, ఫ్యాన్లు ఆగుతున్నాయా చూడండి (గ్యాస్ వదలక్కర్లేదు, పైలట్ లైన్ విడదీసి ఉంచాలి; తర్వాత తిరిగి కలిపారో లేదో మరొకరు చూడాలి). డ్యాంపర్ హ్యాండిల్ "మూత" వైపు తిరిగిందంటే రేకు కూడా తిరిగిందని కాదు. లోపల లైటు వేసి, బయటి నుంచి వెలుగు కనిపిస్తుందేమో చూడండి.