కొత్తవారిని అడగడం – నాలుగవ పాఠం: బ్యాగు చూస్తూ ఉండమనడం

గత పాఠంలో దారి అడగడం అభ్యసించాము. దారి చెప్పినవారి పని చెప్పడంతోనే ముగుస్తుంది. బ్యాగు చూస్తూ ఉండమని అడిగినప్పుడు మాత్రం, మనం తిరిగి వచ్చేదాకా ఎదుటివారి పని ముగియదు. ఈ కోరిక గొంతు దాటకపోవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

థామస్ మోరియార్టీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త న్యూయార్క్ సముద్రతీరంలో జరిపి, 1975లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఇక్కడ మనకు పనికివస్తుంది. పరిశోధక బృందంలోని వ్యక్తి ఇసుకపై దుప్పటి పరచుకుని, రేడియో పెట్టుకుని, పక్కవారితో ఒక్క మాట మాట్లాడి లేచి వెళ్లేవారు. కాసేపటికి దొంగగా నటించే మరొకరు వచ్చి ఆ రేడియోను ఎత్తుకుపోయేవారు. సిగరెట్టుకు నిప్పు ఉందా అని మాత్రమే అడిగినప్పుడు, ఇరవై మందిలో నలుగురే దొంగను అడ్డుకున్నారు. ‘నా వస్తువులు కాస్త చూస్తారా’ అని అడిగినప్పుడు ఇరవై మందిలో పందొమ్మిది మంది అడ్డుకున్నారు.

దీనిని బట్టి, మాట ఇచ్చిన అపరిచితుడు ఆ మాటను నిజంగానే మోస్తాడని తెలుస్తుంది. అందుకు మనం సంతోషించవచ్చు గానీ, దానిలో రెండవ వైపు కూడా ఉంది: మనం వచ్చేవరకు ఆయన లేవలేడు, నిశ్చింతగా చదువుకోలేడు. కనుక భారమంటూ ఉంటే అది అడగడంలో లేదు. ఎంతసేపో, ఏం చేయాలో చెప్పకుండా వెళ్లిపోవడంలో ఉంది.

ఒక గ్రంథాలయ పఠనమందిరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మీరు మంచినీళ్ల సీసా నింపుకుని రావాలి. ఎదుటి బల్ల దగ్గర ఇద్దరున్నారు. ఒకరు పుస్తకాలు సర్దుకుంటూ మాటిమాటికీ గడియారం చూస్తున్నారు. మరొకరు నోటుపుస్తకం తెరిచి, కళ్లజోడు డబ్బా పక్కన పెట్టుకుని, స్థిమితంగా రాసుకుంటున్నారు. రెండవవారినే అడగాలి. అడిగే ముందు ఫోను, డబ్బు, ముఖ్యమైన కాగితాలు మీతో తీసుకోండి, ఎందుకంటే పోతే తట్టుకోలేని వస్తువుకు ఎదుటివారిని కాపలా పెట్టడం సబబు కాదు.

వారు తల ఎత్తే వరకు ఆగి, మొదట ఇలా అడగండి: ‘ఏమండీ, మీరింకో పది నిమిషాలు ఇక్కడే ఉంటారా?’ ఇది కోరిక కాదు, సమాచారం కోసం అడిగే ప్రశ్న. ఇష్టం లేనివారు ‘లేదండీ, బయలుదేరుతున్నాను’ అని మొహమాటం లేకుండా తప్పుకోవడానికి ఇందులో దారి ఉంది. ఉంటానన్న తరువాతే, బ్యాగును చేత్తో చూపిస్తూ అసలు మాట చెప్పండి: ‘నీళ్లు పట్టుకుని అయిదు నిమిషాల్లో వస్తాను. ఈ నల్ల బ్యాగు మీద కాస్త ఓ కన్నేసి ఉంచుతారా? ఈలోగా మీరు వెళ్లవలసి వస్తే, నా కోసం ఆగకుండా వెళ్లిపోండి.’ ఈ చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ ఎదుటివారిని కట్టి ఉంచిన ముడిని వదులు చేసేది అదే.

మొహమాటస్థులు సాధారణంగా చేసే పొరపాటు అతిగా క్షమాపణలు చెప్పడం. ‘మీకు శ్రమ ఇస్తున్నాను, ఏమీ అనుకోకండి, వేరే దారి లేక అడుగుతున్నాను’ అంటూ పోతే, బ్యాగు చూడడంతో పాటు మిమ్మల్ని ఓదార్చే పని కూడా వారి మీద పడుతుంది. ‘ఊఁ... సరే’ అని సాగదీసి, చూపు తిప్పుకున్నారంటే అది ఒప్పుకోలు కాదు. ‘పరవాలేదండీ, వెంట తీసుకువెళతాను’ అని బ్యాగు అందుకోండి.

ఒకసారి నేను అయిదు నిమిషాలని చెప్పి వెళ్లి, ఫోను మాటల్లో పడి అరగంటకు తిరిగి వచ్చాను. బ్యాగు చూస్తానన్న ఆవిడ తన సంచీ భుజాన వేసుకుని, నా బ్యాగు పక్కనే నిలబడి తలుపు వైపు చూస్తున్నారు. ఒక్క మాట కూడా అనలేదు. నన్ను చూసిన మరుక్షణం బయటికి నడిచారు. అప్పటినుంచి అయిదు నిమిషాల పనికి పది నిమిషాలని చెప్పి, ఏడు నిమిషాలకల్లా తిరిగి వస్తున్నాను. రాగానే ‘వచ్చేశానండీ, చాలా థాంక్స్’ అని వినబడేలా చెప్పాలి. నిశ్శబ్దంగా వచ్చి కూర్చుంటే, వారు ఇంకా కాపలా కాస్తూనే ఉండవచ్చు.

విమానాశ్రయాల వంటి చోట్ల, సామాను వదిలి వెళ్లవద్దనీ, ఇతరుల సామాను బాధ్యత తీసుకోవద్దనీ ప్రకటనలు చేస్తుంటారు. అక్కడ ఈ పాఠం వర్తించదు. బ్యాగును వెంట తీసుకువెళ్లండి.

ఈ వారం అభ్యాసం: రెండుసార్లు అడగండి. ప్రతిసారీ మీరు చెప్పిన సమయాన్నీ, నిజంగా పట్టిన సమయాన్నీ పక్కపక్కన రాసుకోండి. వచ్చే పాఠంలో, కాదన్నవారి పక్కనే కూర్చుని ఉండవలసి వచ్చినప్పుడు ఏం మాట్లాడాలో చూద్దాం.