అన్నకి పెట్టిన మెసేజ్‌ని ఎట్ల సరిచేసినానంటే

మాది కడప, అన్న అనంతపురంలో ఉంటాడు. అమ్మ కంటి ఆపరేషన్ గురించి పోయిన నెల పెద్ద మెసేజ్ పెడితే చూసి బొటనవేలు బొమ్మ పెట్టినాడు, రాలేదు. అడిగితే "బాగుండావా అని అడిగినావ్ అనుకున్యా" అన్యాడు. తప్పు నాదేలే, వాట్సాప్ నోటిఫికేషన్లో కనపడేది మొదటి కొన్ని లైన్లే, వాటిల్లో నేను పిల్లోళ్ల చదువులు, వానలు రాసినా, తారీఖేమో అడుగున.

మళ్లీ చదివితే "నీకు తెలుసు కదా" నాలుగుసార్లు, "ఏమనుకోవద్దు" మూడుసార్లు ఉన్యాయి, అవి తీసేస్తే సగం మెసేజ్ పాయె. ఈసారి ఇట్ల పెట్టినా:

"అన్నా, గురువారం పొద్దున 9కి అమ్మను కంటి ఆపరేషన్‌కి తీస్కపోవాల, నువ్వు రాగలవా? అమ్మ ఆధార్ ఒరిజినల్ నీ దగ్గరే ఉంది, తీస్కరా. రాలేకపోతే రేపు రాత్రికల్లా చెప్పు, ఏమనుకోవద్దు."

ఆ చివరి మాట ఒక్కసారి కావాలనే ఉంచినా, అదీ లేకుంటే పెద్దోనికి ఆర్డర్ ఏసినట్టుంటాది. ఐదు నిమిషాల్లో "బుధవారం రాత్రికే వస్తా" అని రిప్లై. క్షేమసమాచారాలు తర్వాత వేరే మెసేజ్‌లో మాట్లాడుకున్యాం. సావు కబురు మాత్రం ఇట్ల మొదటి లైన్లో పెట్టను, దానికి ఫోనే చేస్తా.